డెవిల్ కార్డు వచ్చినప్పుడు "గొలుసు వదులుగానే ఉంది కదా" అనకండి

టారో కార్డులు చూసి చెప్పడం నేర్చుకున్న ప్రతివాళ్లకీ డెవిల్ కార్డు దగ్గర ఒక డైలాగ్ కంఠతా వచ్చి ఉంటుంది. "చూడండి, ఆ ఇద్దరి మెడలో గొలుసులు ఎంత వదులుగా ఉన్నాయో, తల మీద నుంచి తీసేసుకోవచ్చు, మీరూ అంతే, అనుకుంటే ఈ క్షణమే బయటపడొచ్చు." నేను కూడా మొదటి రెండేళ్లు ఇదే చెప్పాను, చెప్పినప్పుడల్లా ఏదో గొప్ప మాట అన్నట్టు ఫీలయ్యాను కూడా. ఒకసారి ఒకావిడ అది విని, కాసేపు కార్డు వైపే చూసి, "అంటే తప్పు నాదేనా మేడమ్?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఈ కార్డు చెప్పే పద్ధతి మెల్లగా మార్చుకుంటూ వచ్చాను. మీరు కూడా తెలిసినవాళ్లకో, డబ్బులు తీసుకునో కార్డులు చూస్తుంటే, ఎవరి గుప్పిట్లోనో లేదా ఏదో అలవాటులో ఇరుక్కుపోయిన మనిషి ముందు ఈ కార్డు పడితే ఏం చేయాలో, నాకు పనికొచ్చినంత వరకు రాస్తున్నాను.

ముందు బొమ్మని సరిగ్గా చూడండి

నేను మాట్లాడేది రైడర్ వెయిట్ డెక్ గురించి. 1909లో లండన్‌లో వచ్చింది, ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచన, పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే డెక్కుల్లో చాలావరకు దానికి నకళ్లో, దాన్ని చూసి గీసినవో. అందులో 15వ నంబరు డెవిల్. వెనక అంతా నలుపు. మేక కొమ్ములు, గబ్బిలం రెక్కలు ఉన్న ఒక ఆకారం దిమ్మె మీద కూర్చుని ఉంటుంది, కుడి చెయ్యి పైకెత్తి, ఎడమ చేత్తో కాగడాని కిందికి వంచి పట్టుకుని. కింద ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఇద్దరికీ చిన్న కొమ్ములు, తోకలు. ఆమె తోక చివర ద్రాక్షగుత్తి, అతని తోక చివర మంట. మెడల్లో గొలుసులు.

ఇప్పుడు ఆ గొలుసుల రెండో చివర ఎక్కడుందో చూడండి. చాలామంది డెవిల్ చేతిలో ఉందనుకుంటారు, లేదు. దిమ్మెకి ముందువైపు ఒక రింగు ఉంది, గొలుసులు రెండూ దానికే తగిలించి ఉన్నాయి. నా పద్ధతి మొత్తం ఈ రింగు మీదే నడుస్తుంది. మెడలో గొలుసు వదులుగా ఉందా బిగుతుగా ఉందా అని అడిగితే ఎదుటి మనిషి తనని తాను తిట్టుకోవడం మొదలుపెడుతుంది. అది దేనికి తగిలించి ఉంది అని అడిగితే మాత్రం ఇల్లు, డబ్బు, ఫోను, పిల్లలు, పరువు, ఇలా ఒక్కొక్కటీ బయటకి వస్తాయి. వాటి గురించి ఏదైనా చేయొచ్చు.

రింగు, ద్రాక్ష, కాగడా. ఈ మూడే గుర్తుపెట్టుకోండి. రింగు అంటే మనిషిని పట్టి ఉంచుతున్నది. ద్రాక్ష అంటే అక్కడ ఇప్పటికీ దొరుకుతున్న తీపి. కాగడా అంటే మళ్లీ మళ్లీ ఎప్పుడు అంటుకుంటుందనేది. చూడండి, ఆ కాగడా మగమనిషి తోక దగ్గరికే వంగి ఉంటుంది. కొమ్ముల గురించి, నుదుటి మీద తలకిందులుగా ఉన్న నక్షత్రం గురించి, మకర రాశి సంబంధం గురించి చాలా చెప్పొచ్చు, కానీ ఏడుపు ఆపుకుంటూ కూర్చున్న మనిషికి అవేవీ అక్కర్లేదు.

కార్డు పేరుని తెలుగులోకి మార్చకండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మన దగ్గర ఇదే మొదటి దెబ్బ. "దెయ్యం కార్డు వచ్చింది" అన్నారో, అవతలి మనిషి చెవిలో పడేది చేతబడి. "మా తోడికోడలే చేయించి ఉంటుంది, నాకు ముందే డౌటు" అని కథ అటు వెళ్లిపోతుంది, ఇంక మీరెంత లాగినా ఇటు రాదు. క్రైస్తవుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి అదే సాతాను అవుతుంది, అసలు కార్డులు చూపించుకోవడమే పాపమేమో అన్న భయం వాళ్లకి ముందే లోపల ఉంటుంది. నేను "డెవిల్ కార్డు" అనే అంటాను, వెంటనే ఒక్క వాక్యం కలుపుతాను: "ఇది మీ మీద ఎవరో ఏదో చేశారని కాదు, ఏదో ఒకటి మిమ్మల్ని పట్టి ఉంచుతోందని చెప్పే బొమ్మ." అసలు టారో 15వ శతాబ్దంలో ఇటలీలో ఆటముక్కలుగా మొదలైందని కూడా అప్పుడప్పుడు చెప్తాను. పేకముక్క అనగానే భయం కొంచెం దిగుతుంది.

పరిహారం అడుగుతారు. శాంతి, తాయెత్తు, నిమ్మకాయలు, ఏదైనా చెప్పమంటారు. చెప్పకండి. ఇంట్లో ఖర్చుకి లెక్క చెప్పుకోవాల్సిన మనిషి చేత పదకొండు వేలు పెట్టించి పూజ చేయిస్తే, ఆమెని పట్టుకున్నవాళ్ల లిస్టులో మీరూ చేరినట్టే.

కార్డులు తీయకముందే ఆమె ఒంటరిగా ఉందో లేదో కనుక్కోండి

ఇప్పుడు రీడింగులు సగం ఫోన్లోనే. కాబట్టి మొదటి ప్రశ్న "మీ సమస్య ఏమిటి" కాదు, "ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా, పక్కన ఎవరైనా ఉన్నారా, ఈ ఫోను ఇంకెవరైనా చూస్తారా" అన్నది. అవును కాదు అని చెప్పగలిగేలా అడగండి, ఎందుకంటే పక్కన మనిషి ఉంటే ఆమె అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. పక్కన ఎవరో ఉన్నారనిపిస్తే ఉద్యోగం గురించి నాలుగు కార్డులు తీసి ముగించేయండి. డెవిల్ కార్డు వచ్చినా "పని ఒత్తిడి" అని దాటేయండి, అబద్ధం చెప్పానని బాధపడక్కర్లేదు.

వాట్సాప్‌లో కార్డుల ఫోటో పెట్టకండి, వాయిస్ మెసేజ్ పెట్టకండి, "మీ భర్త విషయంలో జాగ్రత్త" లాంటి సమ్మరీ అసలే పెట్టకండి. ఒకప్పుడు నేను ప్రతి రీడింగ్ తర్వాత చక్కగా టైప్ చేసి పంపేదాన్ని, సర్వీస్ బాగుందనేవాళ్లు. ఆ మెసేజ్ ఎవరి కళ్లబడుతుందో నాకు తట్టలేదు. డబ్బులు ఫోన్ పే చేస్తే అక్కడ నా పేరు పడుతుంది, అది కూడా ముందే చెప్తాను.

మనిషా, అలవాటా?

డెవిల్ కార్డు పడ్డాక నేను వెంటనే అర్థం చెప్పను. కార్డు వాళ్లవైపు తిప్పి, "ఈ బొమ్మలో మీ చూపు ఎక్కడికి వెళ్లింది?" అంటాను. గొలుసు అనేవాళ్లు ఉంటారు, పైన కూర్చున్నవాడి కళ్లు అనేవాళ్లు ఉంటారు, ఒకబ్బాయి "తోక అంటుకుంది కదండీ, వాడికి తెలీట్లేదా?" అన్నాడు. ఆ జవాబుతోనే సగం దారి కనిపిస్తుంది. ఆ తర్వాత ఒకటే ప్రశ్న: "దిమ్మె మీద కూర్చున్నది ఒక మనిషా, ఒక పనా?"

మనిషి అయితే, ఇంకో ప్రశ్న తప్పనిసరి. "వాళ్లకి నచ్చని పని మీరు చేస్తే ఏమవుతుంది?" మామూలు గొడవలున్న జంట అయితే "అరుస్తాడు, రెండ్రోజులు మాట్లాడడు, నేనూ మాట్లాడను" అంటారు, అందులో కొంచెం చిరాకు, కొంచెం నవ్వు ఉంటాయి. గుప్పిట్లో ఉన్న మనిషి అలా చెప్పదు. ముందు కాసేపు ఆగుతుంది, తర్వాత "అసలు అంతవరకు రానివ్వనండి" అంటుంది. ఆయనకి కోపం రాకుండా రోజంతా ముందే లెక్కలు వేసుకుంటూ బతుకుతోందన్నమాట. ఇది విన్నాక మీ రీడింగ్ మారిపోవాలి.

ఎందుకంటే అలాంటి ఇంట్లో "వదిలేసి వచ్చెయ్యండి" అన్న మాట సలహా కాదు, ప్రమాదం. వెళ్లిపోతానని చెప్పినప్పుడు, వెళ్లిపోతున్నప్పుడు, వెళ్లిన కొత్తలోనే దెబ్బలు, బెదిరింపులు ఎక్కువవుతాయన్నది ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన విషయం. కార్డులో గొలుసు తీసేసుకోవడానికి ఒక్క క్షణం చాలు. ఇంట్లో అయితే ముందు తాళంచెవి ఎక్కడుందో, పిల్ల స్కూల్ టీసీ ఎవరి దగ్గరుందో, రాత్రి పదింటికి తలుపు తీసేవాళ్లెవరో తెలియాలి.

"ఇద్దరి మెడలోనూ గొలుసుందండీ, ఆయనా బందీయే" అనే ఇంకో మాట ఉంది, చాలా లోతుగా వినిపిస్తుంది. అనకండి. ఆమె రేపట్నుంచి ఆయన్ని బాగుచేసే పని కూడా నెత్తిన వేసుకుంటుంది.

మూడు కార్డులు, ఒక రీడింగ్

డెవిల్ కార్డుని మధ్యలో ఉంచి దాని కింద మూడు కార్డులు తీస్తాను. మొదటిది రింగు, రెండోది ద్రాక్ష, మూడోది ఇప్పుడు చేయగలిగిన ఒక్క పని. "ఏం జరగబోతోంది" అన్న స్థానం కావాలనే పెట్టను. ఆయన మారతాడని కార్డు చెప్పిందంటే ఆమె ఇంకో ఐదేళ్లు ఉండిపోతుంది, మారడని చెప్పిందంటే ఏ ఏర్పాటూ లేకుండా ఆ రాత్రే గొడవ పెట్టుకుంటుంది. రెండింటికీ మనం పూచీ పడలేం కదా.

ఒక రీడింగ్ చెప్తాను. ఆమెని సునీత అందాం, పేరు, కొన్ని వివరాలు మార్చాను. ముప్పై దాటింది, ఒక ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది, ఏడేళ్ల పాప. ఆఫీసు లంచ్ టైములో వచ్చింది. అడిగిన ప్రశ్న, "ఆయన మారతాడా అక్కా?" డెవిల్ పడింది. ఆమె చూపు దిమ్మె మీదకి వెళ్లింది, "ఆ రింగుకి తాళం లేదేంటి" అంది.

మొదటి స్థానంలో సిక్స్ ఆఫ్ పెంటకిల్స్. మంచి బట్టలు వేసుకున్న ఒక వ్యాపారి ఒక చేత్తో త్రాసు పట్టుకుని, ఇంకో చేత్తో మోకాళ్ల మీద ఉన్న ఇద్దరికి నాణేలు వేస్తుంటాడు. పుస్తకాల్లో దానం, ఉదారత అని ఉంటుంది. నేను ఆ అర్థం చెప్పలేదు, "ఇందులో మీరెక్కడున్నారు?" అన్నాను. కింద కూర్చున్న మనిషి మీద వేలు పెట్టింది. "జీతం ఎవరి అకౌంట్లో పడుతుంది?" "నా అకౌంట్లోనే. ఏటీఎం కార్డు ఆయన దగ్గరుంటుంది." "మరి ఓటీపీ?" "నంబర్ కూడా ఆయనదే ఇచ్చాం, అప్పట్లో నాకు ఫోను పోయింది." రోజూ బస్సుకి, టీకి లెక్క చూసి ఇస్తాడట. కాసేపు కార్డు చూసి తనే అంది, "ఆయన వేస్తున్న డబ్బులు నావే కదా." ఈ మాట నేనంటే ఆమె ఆయన తరఫున వాదించేది. ఆమె నోట రావాలి, వచ్చేదాకా మీరు ఊరుకోవాలి. ఊరుకోవడం నేర్చుకోవడానికే నాకు అన్నింటికన్నా ఎక్కువ కాలం పట్టింది.

అప్పుడు ఒక సమాచారం ఇచ్చాను. "కొట్టడండీ, అంతవరకు మంచోడే" అని మన ఆడవాళ్లు చాలామంది అంటారు, కొట్టకపోతే ఇంక చెప్పుకోవడానికి ఏమీ లేదన్నట్టు. 2005 గృహ హింస చట్టం దెబ్బల దగ్గర ఆగిపోలేదు. తిట్టి అవమానించడం, బెదిరించడం, డబ్బు అందకుండా చేయడం కూడా అందులో హింసే. కేసు పెట్టమని కాదు, తనకి జరుగుతున్నదానికి చట్టంలో ఒక పేరుందని తెలియడం కోసం చెప్పాను. లాయరుకి డబ్బుల్లేకపోతే న్యాయ సేవల సంస్థ నంబరు 15100 ఉందని కూడా.

రెండో స్థానం, ద్రాక్ష. సిక్స్ ఆఫ్ కప్స్ పడింది. ఒక పిల్లవాడు పూలు పెట్టిన కప్పుని చిన్నపిల్లకి ఇస్తుంటాడు, పాత ఇల్లు, పాత రోజులు. సునీత ముఖం మారిపోయింది. పెళ్లికి ముందు ఆమె హాస్టల్లో ఉన్నప్పుడు ఆయన రోజూ బాక్సు తెచ్చేవాడట, గోంగూర పచ్చడి ఇష్టమని వాళ్లమ్మ చేత చేయించి మరీ. "ఆ మనిషి ఎక్కడికో వెళ్లిపోయాడు, మళ్లీ వస్తాడేమో అని చూస్తున్నా." ఈ చోట తొందరపడి "అదంతా నటన" అనకండి. నటన అయి ఉండొచ్చు, కాకపోవచ్చు, మనకి తెలియదు, ఆమెకి మాత్రం అది నిజం. నేను డెక్కులోంచి 6వ నంబరు లవర్స్ కార్డు వెతికి తీసి డెవిల్ పక్కన పెట్టాను. రెండూ ఒకే అచ్చు: పైన ఒక పెద్ద ఆకారం, కింద ఇటు ఆడమనిషి, అటు మగమనిషి. ఒకదాంట్లో దేవదూత, ఇంకోదాంట్లో డెవిల్. పదిహేనులో ఒకటీ ఐదూ కలిపితే ఆరే. "మొదట్లో ఇది అదిలాగే కనిపించింది, ఎవరికైనా అలాగే కనిపిస్తుంది" అన్నాను. చాలామంది ఆడవాళ్లని సిగ్గు నమిలేస్తుంది, చదువుకున్నదాన్ని నేనెలా పడ్డాను ఇందులో అని. ఈ రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే ఆ సిగ్గు కొంచెం తగ్గడం నేను చాలాసార్లు చూశాను.

మూడో స్థానం, చేయగలిగిన పని. ఇక్కడ ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది, చూడగానే ఎవరికైనా గుండె జారుతుంది. కళ్లకి గంతలు కట్టిన ఆడమనిషి, ఒంటికి చుట్టిన కట్లు, చుట్టూ ఎనిమిది కత్తులు. ఇలాంటప్పుడు "క్లారిఫయర్" పేరుతో ఇంకో కార్డు, ఇంకో కార్డు అని మంచిది వచ్చేదాకా తీసేవాళ్లున్నారు. తీయకండి, మీరు కంగారుపడ్డారని ఎదుటి మనిషికి తెలిసిపోతుంది. బొమ్మ చూడండి: కాళ్లకి కట్లు లేవు, ముందువైపు కత్తులూ లేవు. మళ్లీ అదే పాత డైలాగ్ నోటిదాకా వస్తుంది, "నడిచి వెళ్లిపోవచ్చు కదా". కళ్లకి గంతలతో కత్తుల మధ్య నడవమంటామా ఎవరినైనా? ముందు గంతలు. అంటే ముందు చూడటం, తెలుసుకోవడం. "వచ్చే నెలలోపు, ఆయనకి తెలియకుండా, గొడవ లేకుండా మీరు చూసి పెట్టుకోగలిగిందేంటి?" అని అడిగాను. ఆలోచించి చెప్పింది, "నా సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో నాకు తెలీదు. అత్తమ్మ బీరువాలో ఉండాలి."

అంతే. ఆ రీడింగ్‌లో తేలిన పని అది ఒక్కటే, టెన్త్ మెమో ఎక్కడుందో చూడటం. చప్పగా ఉందనిపించొచ్చు. కానీ ఇంతకంటే పెద్ద పని చెప్పి ఉంటే చేయలేకపోయేది, చేయలేకపోతే మళ్లీ నా దగ్గరికి రావడానికి మొహం చెల్లేది కాదు.

ఆయన మారతాడా అన్న ప్రశ్న మళ్లీ అడిగింది లేచేముందు. "ఆయన ఇక్కడ లేడు కాబట్టి ఆయన గురించి కార్డులు తీయను, మీ గురించి ఎన్నిసార్లైనా తీస్తాను" అన్నాను. ఇది నేను ముందే తయారుచేసి పెట్టుకున్న మాట, మీకు నచ్చితే వాడుకోండి.

కార్డు తలకిందులుగా పడితే "విముక్తి వచ్చేసింది" అని చాలా చోట్ల రాసి ఉంటుంది. వెయిట్ తన పుస్తకంలో తలకిందుల డెవిల్‌కి అలాంటి శుభవార్తేమీ రాయలేదు, బలహీనత, గుడ్డితనం లాంటి మాటలే ఉంటాయి. మనిషి గుప్పిట్లో ఉన్న కేసులో నేను తలకిందుల కార్డుని "పట్టు మీకు కనిపించడం మొదలైంది" అని మాత్రమే చదువుతాను, స్వేచ్ఛ అన్న మాట జోలికి పోను.

అలవాటు అయితే కాగడాని చూడండి

దిమ్మె మీద కూర్చున్నది సిగరెట్టో, మందో, రమ్మీ యాపో, రాత్రి రెండింటిదాకా ఫోనో అయితే రీడింగ్ వేరు. ఇక్కడ వదులుగా ఉన్న గొలుసు గురించి మాట్లాడొచ్చు, ఎందుకంటే విప్పబోతే ఎదురుగా ఎవరూ చెయ్యెత్తరు. అయినా దాంతో మొదలుపెట్టకండి. "మానేయడం నీ చేతిలోనే ఉంది" అన్న మాట వాళ్లు ఇంట్లో రోజూ వింటున్నారు, దానికోసం మీ దాకా రానక్కర్లేదు.

కాగడాతో మొదలుపెట్టండి. "ఎప్పుడు అంటుకుంటుంది? టైము చెప్పండి." కారణం అడగకండి, కారణం అడిగితే బాల్యం నుంచి చెప్తారు. ఆన్‌లైన్‌లో పందేలు కాసే ఒకబ్బాయి "ఎప్పుడూ" అన్నాడు మొదట. నిన్న ఎప్పుడు, మొన్న ఎప్పుడు అని అడుగుతూ పోతే తేలింది: రూమ్మేట్ నైట్ షిఫ్టుకి వెళ్లాక, భోజనం పార్సిల్ వచ్చేలోపు. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలే అతని తోక అంటుకునే చోటు. తర్వాత ద్రాక్ష: "ఆ టైములో అది మీకు ఏమిస్తుంది?" డబ్బు అంటాడనుకున్నా, "ఎవరితోనో ఆడుతున్నట్టు ఉంటుంది" అన్నాడు. ఒంటరితనం అన్నమాట. రింగు దగ్గరికి వస్తే ఫోన్లో సేవ్ అయి ఉన్న కార్డు వివరాలు. ఇక చేయగలిగిన పని మీరు చెప్పక్కర్లేదు, అతనే చెప్పాడు, కార్డు వివరాలు తీసేయడం, తిండి ఆర్డరు పెట్టకుండా మెస్‌కి నడిచి వెళ్లడం. మానేశాడా అంటే, మానేసి మళ్లీ మొదలుపెట్టి మళ్లీ మానేశాడు, ఇలాంటివి ఇలాగే ఉంటాయి.

మందు విషయంలో ఒక జాగ్రత్త. రోజూ, పొద్దున్నే కూడా, ఎక్కువగా తాగేవాళ్లని "రేపట్నుంచి ముట్టుకోకండి" అని కార్డు మీద ప్రమాణం చేయించకండి. అలా ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్, రెండు మూడు రోజుల్లో తెలివి తప్పి ఏవేవో మాట్లాడటం దాకా వెళ్లొచ్చు, ప్రాణం మీదకి కూడా రావొచ్చు. ఎన్నేళ్ల నుంచి, రోజుకి ఎంత, పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా అని అడిగి, అవునంటే డాక్టరు దగ్గరే ఆపాలని చెప్పండి. మత్తు అలవాట్లకి 14446, మనసు బాగోకపోతే టెలి మానస్ 14416, ఈ రెండూ నేను కార్డుల పెట్టె మూత లోపల రాసి అతికించుకున్నాను.

కార్డులు మూసేయాల్సిన చోటు

మాటల మధ్యలో "గొంతు పట్టుకున్నాడు" అని వచ్చిందా, కత్తి చూపించాడు, చంపేస్తానన్నాడు, పిల్లల్ని ఏదైనా చేస్తానన్నాడు అని వచ్చిందా, ఇంక కార్డులు తీయకండి. గొంతు నొక్కడాన్ని మనవాళ్లు కోపంలో ఏదో చేశాడులే అని తేలిగ్గా చెప్తారు, కానీ ముందు ముందు ప్రాణం తీసే దాకా వెళ్తాడనడానికి అది చాలా గట్టి గుర్తు. ముక్కలు పోగుచేసి పక్కన పెట్టి, "ఇది కార్డులతో చూసే విషయం కాదు" అని మామూలు గొంతుతో చెప్పండి. 181 మహిళల హెల్ప్‌లైన్, వెంటనే ప్రమాదమైతే 112. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి, అక్కడ తాత్కాలికంగా ఉండటానికి చోటు, పోలీసు, లాయరు సాయం ఒకే దగ్గర దొరుకుతాయి. నంబరు రాసిచ్చేటప్పుడు చీటీ మీద "హెల్ప్‌లైన్" అని రాయకండి. గుర్తుపెట్టుకోమనండి, మూడంకెలే కదా, లేదా మీ దగ్గర నుంచే చేయనివ్వండి. చచ్చిపోవాలనిపిస్తోంది అన్నా అంతే, కార్డులు పక్కన పెట్టి 14416 కలిపి, మాట్లాడేదాకా పక్కనే కూర్చోండి.

తల్లులు వస్తారు కూతుళ్ల గురించి అడగడానికి, "మా అమ్మాయి ఫోన్ ఎత్తట్లేదు, అల్లుడే ఎత్తుతున్నాడు" అని. అమ్మాయి లేకుండా అమ్మాయికి కార్డులు తీయను. తల్లికి మాత్రం తీస్తాను, తను చేయగలిగింది ఏమిటని, చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: "ఎప్పుడొచ్చినా గది ఖాళీగానే ఉంటుంది" అని అమ్మాయికి ఒక్కసారి చెప్పి, తిట్టకుండా ఉండటం.

రీడింగ్ అయ్యాక మీరు ఫోన్ చేసి "ఏమైంది, చేశారా?" అని అడగకండి. ఆ ఫోన్ ఎవరి చేతిలో మోగుతుందో మీకు తెలియదు. నేను సునీతకి చేయలేదు, దాదాపు నాలుగు నెలలు ఏ కబురూ లేదు. తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం వచ్చింది, పాపని డ్యాన్స్ క్లాసులో దింపి. ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. టెన్త్ మెమో, డిగ్రీ ప్రొవిజనల్, పాప బర్త్ సర్టిఫికెట్ మాత్రం వాళ్ల పిన్ని ఇంట్లో బియ్యం డబ్బా వెనకాల ఉన్నాయంది, ఇంకో బ్యాంకులో తన నంబరుతో అకౌంటు కూడా తెరిచింది, ఇంక్రిమెంటు వచ్చిన సంగతి ఇంట్లో చెప్పలేదట. కార్డులు తీయనా అన్నాను. "వద్దక్కా, టైము లేదు, క్లాసు గంటే" అని టీ తాగి వెళ్లిపోయింది.